లేకపోతే లేదని చెప్పు

ఒకే డిసెంబరులో, తొమ్మిది రోజుల తేడాతో, నా ఫోనుకి రెండు మెసేజులు వచ్చాయి. రెండూ డబ్బు అడిగినవే. పంపిన ఇద్దరూ ఆశ్రమ పాఠశాల హాస్టల్లో నాతో ఒకే గదిలో పెరిగినవాళ్ళే. ఒకడు నాకంటే ఒక తరగతి చిన్న, అన్నా అంటాడు. ఇంకొకడు నా ఈడువాడు, వరసకి మావ. మొదటి మెసేజుని నేను పూర్తిగా నమ్మాను, నమ్మి కూడా ఆలస్యం చేశాను. రెండోదాన్ని నమ్మలేదు, అయినా ఆ సాయంత్రమే డబ్బు పంపేయబోయాను. ఎందుకలా చేశానో అని ఆ తరవాత చాలా రోజులు ఆలోచించాను. ఇద్దరినీ అడిగి, సరే అన్నాకే ఆ మాటల్ని ఇక్కడ పెడుతున్నాను.

మొదటిది ఇది:

"అన్నా, అమ్మని విశాఖ కేజీహెచ్‌లో చేర్చాం. ఆపరేషనుకి, మందులకి డబ్బు అక్కర్లేదు. చెల్లి, నేను పది రోజులు అక్కడే ఉండాలి. తిండికి, బస్సులకి 3,400 తక్కువ పడింది. నీ దగ్గర ఉంటే చేబదులు ఇవ్వు. కాఫీ పళ్ళ డబ్బులు సంక్రాంతి లోపల వస్తాయి, రాగానే ఇచ్చేస్తాను. లేకపోతే లేదని చెప్పు, ఏమీ అనుకోను. పిన్ని వాళ్ళని అడుగుతాను."

రెండోది:

"మావా ఎక్కడున్నావు. చాలా అర్జెంటు. 15 వేలు కావాలి. సాయంత్రం 6 లోపల ఈ నంబరుకి కొట్టు. ఎందుకని అడక్కు. మా ఇంట్లో చెప్పకు. నువ్వు తప్ప నాకెవరూ లేరు. నెలనెలా జీతం వస్తోంది, నీకిదో లెక్క కాదు. హాస్టల్లో నా దుప్పటి కప్పుకుని పడుకున్న రోజులు మర్చిపోయావా. నువ్వు కూడా కాదంటే నేనేం చేసుకుంటానో నాకే తెలీదు."

పిల్లలకి తెలుగు చెప్పేవాడిని కాబట్టి నాకు వాక్యం చివర చూడడం అలవాటు. మన తెలుగులో నేను, నువ్వు అని ప్రతిసారీ అనక్కర్లేదు. క్రియ చివరే ఎవరి గురించి మాట్లాడుతున్నామో చెప్పేస్తుంది. ఈ రెండు మెసేజుల్నీ అలా విడదీసి చూడండి. మొదటిదాంట్లో ఎనిమిది వాక్యాలున్నాయి. చేర్చాం, అక్కర్లేదు, ఉండాలి, పడింది, వస్తాయి, ఇచ్చేస్తాను, అనుకోను, అడుగుతాను. దాదాపు అన్నీ వాళ్ళ అమ్మ గురించి, వాళ్ళ ఖర్చు గురించి, తను చేయబోయే పని గురించి. నన్ను తాకినవి రెండే: ఉంటే ఇవ్వు, లేకపోతే లేదని చెప్పు. ఆ రెండూ నేను చేయగలిగిన పనులే.

రెండోదాంట్లో పది వాక్యాలు. అవసరం గురించి ఉన్నవి రెండే, అర్జెంటు అని ఒకటి, 15 వేలు అని ఒకటి. మిగతా ఎనిమిదీ నా మీదే. ఎక్కడున్నావు, కొట్టు, అడక్కు, చెప్పకు, మర్చిపోయావా. నాకు జీతం వస్తుందని ఉంది, ఆయనకి ఏం వచ్చిపడిందో లేదు. నా జేబులో ఏముందో లెక్క వేసి చూపించాడు, తన జేబు ఎందుకు ఖాళీ అయిందో చెప్పలేదు. మెసేజు చదివాక స్నేహితుడి కష్టం గురించి మనకి ఏమీ తెలియకుండా, మన గురించే మనకి ఒక రకమైన బాధ మిగిలితే, ఆ ఉత్తరం అవసరం కంటే ఒత్తిడే ఎక్కువ మోసుకొచ్చిందని అనుకోవచ్చు.

అంకె కూడా మాట్లాడుతుంది. 3,400 అనే అంకెని నేను కూర్చుని తిరిగి కట్టగలిగాను. ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరికి రోజుకి 120 రూపాయల తిండి, పది రోజులకి 2,400. రానుపోను బస్సులు, ఆటోలు కలిపి ఇంకో వెయ్యి. సరిపోయింది. అతను లెక్క రాయకపోయినా అంకె లోపల లెక్క ఉంది. 15 వేలని అలా కట్టలేం, దాని కింద ఏమీ లేదు కాబట్టి. గుండ్రని అంకె అడిగినవాళ్ళంతా దాచిపెడుతున్నారని నేననడం లేదు. మన ఊళ్ళలో చాలామంది అయిదు వేలు అంటారు, నాలుగున్నర అనడానికి మొహమాటపడి. కాని "దేనికెంత?" అని అడిగినప్పుడు గుండ్రని అంకె విడిపోయి చిన్నచిన్న ఖర్చులుగా కనిపించాలి. విడిపోకపోతే ఆగాలి.

ఇక అడిగే మాట. తెలుగులో డబ్బు అడగడానికి చాలా మాటలున్నాయి. ఇవి ఒకదానికొకటి బదులు కావు. చేబదులు అంటే వడ్డీ లేదు, కాగితం లేదు, త్వరలో తిరిగి చేతికి వస్తుంది. అప్పు అంటే గడువు, కొన్నిచోట్ల వడ్డీ. సాయం అంటే తిరిగి రాకపోవచ్చు. సర్దు అంటే మన దగ్గర ఉన్నదాంట్లోంచి కొంచెం జరపమని. మొదటి తమ్ముడు చేబదులు అన్నాడు, ఎప్పుడు ఇస్తాడో, ఏ డబ్బులోంచి ఇస్తాడో కూడా అన్నాడు. మావ మెసేజులో ఈ మాటల్లో ఏదీ లేదు. "కావాలి", "కొట్టు" అంతే. అది అప్పో, సాయమో, పాత బాకీ వసూలో చదివినవాడే తేల్చుకోవాలి. దుప్పటి మాట చూస్తే మూడోదేనేమో అనిపిస్తుంది. హాస్టల్లో చలికాలం నిజంగానే ఆయన దుప్పటి నేను కప్పుకున్నాను, అది అబద్ధం కాదు. పాత ఉపకారాన్ని గుర్తుచేయడం తప్పని కూడా అనను. ఆ దుప్పటికి వెల కట్టింది ఈ రోజే, అదీ నన్నడగకుండా కట్టింది.

కొందరు "సాయం చెయ్యి, నెల తిరక్కముందే ఇచ్చేస్తాను" అని రెండు మాటలూ కలిపేస్తారు. ఇందులో మోసం ఉండకపోవచ్చు, వాళ్ళకే తేలలేదు. అలాంటప్పుడు ఇచ్చేవాడే తేల్చాలి. "ఇది చేబదులుగా ఇస్తున్నాను" అనో, "ఇది నువ్వు ఇవ్వక్కర్లేదు" అనో డబ్బుతోపాటు ఒక్క వాక్యం రాయాలి. చాలా స్నేహాలు తెగింది డబ్బు రాకపోవడం వల్ల అనుకుంటాం గాని, ఇద్దరి మనసుల్లో రెండు వేరువేరు మాటలు ఉండడం వల్ల.

ఇప్పుడు ఆ రెండు మెసేజులకి నేనేం చేశానో చెప్పాలి.

తమ్ముడి మెసేజు ఉదయం ఏడున్నరకి వచ్చింది. చదివాను, జాలి వేసింది. నా ఖాతాలో ఆ రోజు ఆరు వేల చిల్లర ఉంది. బడికి టైమయింది, సాయంత్రం చూద్దామనుకున్నాను. సాయంత్రం మర్చిపోయాను. మర్చిపోయానంటే అది కూడా పూర్తి నిజం కాదు. ఒకసారి గుర్తొచ్చింది. "లేకపోతే పిన్ని వాళ్ళని అడుగుతాను అన్నాడుగా, ఈపాటికి అడిగే ఉంటాడు" అనుకున్నాను. మర్నాడు రాత్రి ఫోను చేసి, "రేపు పంపనా తమ్ముడూ?" అన్నాను. "వద్దులే అన్నా, అయిపోయింది" అన్నాడు. ఎలా అయిపోయిందో వాళ్ళ చెల్లి వల్ల తరవాత తెలిసింది. పిన్ని వాళ్ళ దగ్గర కూడా లేకపోతే అమ్మ చెవి కమ్మలు విశాఖలోనే తాకట్టు పెట్టారు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఏమీ అనుకోనని ముందే రాశాడు కదా, మాట నిలబెట్టుకున్నాడు.

మావ మెసేజు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. చదవగానే నమ్మకం కలగలేదు, కోపం కూడా వచ్చింది. అయినా నాలుగు దాటేసరికి చేతులు వణుకుతూ తోటి మాస్టారి దగ్గర అయిదు వేలు అడిగి, నావి కలిపి పంపడానికి ఫోను తీశాను.

అంటే నాకు "కాదను, పరవాలేదు" అని తలుపు తీసిపెట్టినవాడి విషయంలో నేను ఆ తలుపులోంచే బయటికి వెళ్ళిపోయాను. తలుపు గడియ పెట్టినవాడికి ఇవ్వబోయాను. మెసేజుల్లో నిజాయితీ ఎలా గుర్తుపట్టాలని ఎవరైనా అడిగితే తలుపు ఉందా లేదా చూడమంటాను, అది మంచి గుర్తే. కాని ఆ గుర్తు తెలిసినవాడు దాన్ని ఎందుకు వాడుతున్నాడో కూడా చూసుకోవాలి. నేను తమ్ముడి మర్యాదని నా సౌకర్యానికి వాడుకున్నాను.

ఆ రోజు డబ్బు ఎందుకు వెళ్ళలేదంటే, నంబరు కొట్టగానే చెల్లింపు తెరమీద పేరు వచ్చింది. అది మావ పేరు కాదు, మా వైపు మనిషి పేరులా కూడా లేదు. మావకి ఫోను చేస్తే ఎత్తలేదు. "ఫోను వద్దు, మెసేజు పెట్టు" అని వచ్చింది. ఇలాంటిది వస్తే ముందు అనుమానించాల్సింది స్నేహితుడిని కాదు, ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో దాన్ని. స్నేహితుల ఖాతాల్లోకి దూరి వాళ్ళలాగే మాట్లాడి డబ్బు అడిగేవాళ్ళు ఉన్నారు. గొంతు వినకుండా కొత్త నంబరుకి ఒక్క రూపాయి పంపకూడదు. కాని దుప్పటి సంగతి దొంగకి తెలియదు. కాబట్టి మెసేజు ఆయనదే, నంబరు మాత్రం ఇంకెవరిదో.

ఆఖరి వాక్యం నన్ను భయపెట్టింది. "నేనేం చేసుకుంటానో" అన్న మాటని చాలామంది బెదిరింపుగా కొట్టిపారేస్తారు, లేదా దానికి లొంగి డబ్బు పంపేస్తారు. రెండూ తప్పే. అది ప్రాణం సంగతి, దాన్ని డబ్బు సంగతి నుంచి విడదీయాలి. డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది రేపటికి ఉంచొచ్చు, మనిషిని మాత్రం ఈ రోజే చూడాలి. నేను వాళ్ళ ఊరి ఆశా కార్యకర్తకి ఫోను చేసి, ఒక్కసారి ఇంటివైపు వెళ్ళి చూడమన్నాను. ఇంట్లో చెప్పకు అన్న మాటని ఆ ఒక్క విషయంలో పాటించలేదు, వాళ్ళ అన్నయ్యకి కూడా చెప్పాను. దూరంగా ఉండి ఎవరూ దొరక్కపోతే 14416 అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు ఉంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మావకి నేను పెట్టిన మెసేజు ఒక్కటే: "పొద్దున్న మొదటి జీపులో వస్తున్నాను. వచ్చేదాకా ఎవరికీ ఏమీ కట్టకు."

వెళ్ళాను. చాలాసేపు మాట్లాడలేదు. వాకిట్లో కూర్చుని చుట్ట తాగాడు. మన ఇళ్ళలో డబ్బు అడగడం ఎప్పుడూ ఇలాగే ఉండేది. వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు, వానల గురించి, పసుపు గురించి మాట్లాడేవాళ్ళు, లేచేటప్పుడు ఒక మాట అనేవాళ్ళు. ఆ మాట రాకముందే ఇంటివాళ్ళకి అర్థమయ్యేది. ఇవ్వలేనివాడు కూడా ఆ మధ్యలోనే తన కష్టం చెప్పేవాడు, దాంతో అడిగేవాడు అడక్కుండానే లేచి వెళ్ళేవాడు. ఎవరి ముఖమూ చిన్నబోయేది కాదు. ఫోనులో ఆ వాకిలి లేదు, ఆ ఊరుకోవడం లేదు. మాట ఒక్కటే ఉంటుంది. పైగా ఆ మాట మనది కాని భాషలో. మావ ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు. అడగడానికి తెలుగు మాటలు ఎక్కడ నేర్చుకున్నాడని ఆలోచిస్తే, "నువ్వు తప్ప నాకెవరూ లేరు" అన్నది ఏ సినిమాలోంచైనా వచ్చి ఉండొచ్చు. మాస్టార్లకి ఇది గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మన పిల్లలు రాసే మెసేజులో మాట మోటుగా ఉంటే మనసు కూడా అలాగే ఉందని తీర్పు ఇవ్వకండి. తెలుగు బాగా వచ్చిన మోసగాడు మొదటి మెసేజు లాంటిది అచ్చంగా రాయగలడు, నాలుగు వాక్యాల్లో లెక్క కూడా చూపిస్తాడు.

అందుకే మెసేజు చదవడం సగం పని. మిగతా సగం ఒక ప్రశ్న అడిగి జవాబు చదవడం. నిజంగా అవసరం ఉన్నవాడు "దేనికి?" అంటే ఇంకొంచెం చెబుతాడు. సిగ్గుపడొచ్చు, తడబడొచ్చు, కాని జవాబులో కొత్త సంగతి ఒకటి ఉంటుంది. ఒత్తిడి పెట్టేవాడి జవాబులో కొత్త సంగతి ఉండదు, పాత ఒత్తిడే ఇంకొంచెం గట్టిగా వస్తుంది. "నన్నే అడుగుతున్నావా, ఇన్నేళ్ళ స్నేహంలో ఇదా?" అంటాడు. అప్పుడు కూడా వెంటనే మనిషిని తోసెయ్యక్కర్లేదు. ఇంకో ప్రశ్న ఉంది, మావ వాకిట్లో కూర్చుని నేనడిగింది అదే: "సాయంత్రం 6 లోపల అన్నావు. 6 అని ఎవరు పెట్టారు?"

ఆ గడియారం ఆయనది కాదు. సంగతి అక్కడ బయటపడింది.

నవంబరులో ఆయన ఆటో టైరు పగిలింది. ఫోనులో అప్పు ఇచ్చే యాప్ ఒకటి దించుకున్నాడు. 5,000 అప్పు అన్నారు, ఫీజులు కోసుకుని చేతికి 3,250 ఇచ్చారు. ఏడో రోజుకి 5,000 కట్టాలి. కట్టలేక ఆరో రోజున ఇంకో యాప్‌లో 8,000 తీసుకున్నాడు, చేతికి 5,200 వచ్చింది. దాంతో మొదటిదాని 5,000 తీర్చాడు, 200 మిగిలింది. మళ్ళీ ఏడు రోజులకి 8,000. గడువు దాటాక ఆలస్యం రుసుము కలిపి 15,000 అన్నారు. సాయంత్రం 6 లోపల కట్టకపోతే ఫోనులోని నంబర్లన్నిటికీ దొంగ అని ఫోటో పంపుతామన్నారు. నాకు పంపిన నంబరు ఆ వసూలు మనిషిదే. ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. మొత్తం మీద మావ చేతికి నిజంగా వచ్చి మిగిలింది 3,450 రూపాయలు. తమ్ముడు అడిగిన 3,400కి యాభై ఎక్కువ.

కాగితం చూశాక మెసేజుని మళ్ళీ చదివాను. "ఇప్పుడే", "అడక్కు", "ఎవరికీ చెప్పకు", "లేకపోతే చూడు" ఇవన్నీ ఆ వసూలు మనిషి మావతో అన్న మాటలే. పైనుంచి పడ్డ ఒత్తిడి మావలోంచి జారి నా మీద పడింది. మెసేజులో ఒత్తిడి కనిపిస్తే అబద్ధమని రాసుకుంటే ఇక్కడ తప్పేది, అవసరం నిజమే. నిజమని 15 వేలు పంపినా తప్పేది, డబ్బు వెళ్ళేది స్నేహితుడికి కాదు. ఒకే మెసేజులో అవసరమూ ఒత్తిడీ రెండూ ఉండొచ్చు. అవసరానికి ఇవ్వాలి, ఒత్తిడికి ఇవ్వకూడదు. ఆ రెంటినీ వేరు చేయడానికి ఒక రాత్రి గడువు కావాలి. ఒత్తిడి మొట్టమొదట లాక్కునేది ఆ గడువునే.

ఇది మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. షావుకారు కూడా మొదట స్నేహం మాటే మాట్లాడేవాడని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. నీకు కాక ఎవరికిస్తాను అనేవాడు, వేలిముద్ర అయ్యాక గొంతు మారేది. మన్యంలో వడ్డీకి, భూముల చేతిమార్పిడికి హద్దు పెడుతూ 1917లోనే చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ మాటల బరువు ఎంతో ఊహించుకోవచ్చు. ఇప్పటి అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితా తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. మావ ఫోనులో యాప్ మొదటి రోజే ఆ జాబితా తీసుకుంది.

మేమిద్దరం 1930కి ఫోను చేసి చెప్పాం, పోలీసు స్టేషనులో కూడా రాసిచ్చాం. చేతికి వచ్చిందెంతో, కట్టిందెంతో ఆ కాగితమే జతచేశాం. వాళ్ళ అన్నయ్యా, నేనూ తెలిసినవాళ్ళందరికీ ముందే చెప్పేశాం, మావ పేరుతో ఏ ఫోటో వచ్చినా పట్టించుకోవద్దని. ఫోటో రానే వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. బెదిరింపు ఫోనులు వెంటనే ఆగలేదు, ఇంకో మూడు వారాలు వచ్చాయి. రహస్యం పోయాక వాటికి పదును పోయింది. నేను మావకి 2,000 ఇచ్చాను, ఇది నువ్వు తిరిగి ఇవ్వక్కర్లేదని చెప్పి. అంతకంటే ఎక్కువ ఇచ్చి ఉంటే రాలేదే అని లోపల లెక్కపెట్టుకునేవాడిని, నా సంగతి నాకు తెలుసు.

బయల్దేరేటప్పుడు కొంచెం కోపంగానే అడిగాను. "టైరు పగిలిన రోజే మూడు వేలు కావాలని నాకు చెబితే ఏమయ్యేది? పోనీ, నిన్నయినా ఇలా ఉందని నెమ్మదిగా రాయొచ్చు కదా?"

మావ నా వైపు చూడలేదు. "నెమ్మదిగా అడిగితే ఏటవుద్దో తమ్ముడి సంగతి సూశాను కదా మావా" అన్నాడు.

జీపులో వస్తున్నంతసేపూ ఆ మాటే. తమ్ముడి అమ్మ కమ్మల కథ వాళ్ళ ఊరిదాకా వెళ్ళింది. దాంట్లోంచి మావ నేర్చుకున్నది ఒకటే, మర్యాదగా అడిగితే ఈయన రేపు అంటాడు, గుండె మీద కూర్చుంటే కదులుతాడు. ఆ మెసేజులో వసూలు మనిషి మాటలు కొన్ని ఉంటే, నేను నేర్పినవి కొన్ని ఉన్నాయి. స్నేహితుడి మాటల్ని ఇలా విప్పి చూడడం ద్రోహం కాదా అని ఒక తోటి మాస్టారు నన్నడిగారు. అరిచినవాడికి ఇచ్చి, అరవనివాడిని ఆపినప్పుడు నేను చూడకుండానే తీర్పు ఇచ్చాను. దాని కంటే విప్పి చూడడమే న్యాయం అనుకుంటున్నాను.

అప్పటి నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను. నెమ్మదిగా అడిగిన మెసేజుకి అదే పూట జవాబు ఇస్తాను. ఉంటే ఉందని, లేకపోతే లేదని, సగం ఉంటే సగమని. "చూస్తాను" అన్న మాట రాయడం మానేశాను. ఆ మాట వల్ల అడిగినవాడు ఇంకొకరి దగ్గరికి వెళ్ళలేడు, మన కోసం ఆగుతాడు. కంగారుగా వచ్చినదానికి కూడా అదే పూట జవాబు ఇస్తాను. కాని ఆ జవాబు డబ్బు కాదు, ఫోను. ఇందులో నేను అన్నిసార్లూ నెగ్గలేదు. మొన్న చవితికి ఒకరికి భయపడి ఇచ్చేశాను, ఇంకా తెలీదు అది ఎక్కడికి వెళ్ళిందో.

ఈ ఏడు కాఫీ పళ్ళు కోతకి రాకముందు మావ దగ్గర్నుంచి మళ్ళీ మెసేజు వచ్చింది. "మావా, ఆటో ఇన్సూరెన్సుకి 1,200 తక్కువ. బుధవారం ఆఖరు. సంత అయ్యాక ఇస్తాను. లేకపోతే లేదని చెప్పు."

పది నిమిషాల్లో రాశాను. "1,200 లేవు. 700 ఉన్నాయి, పంపుతున్నాను. మిగతా అయిదు వందలకి తమ్ముణ్ణి అడుగు, వాడి దగ్గర ఉన్నాయి."